షేరుకు బదులు కాల్ ఆప్షన్: ఆ ఏడున్నర డాలర్లు దేనికి?

అమెరికాలో ఉద్యోగాలు చేసే మనవాళ్లు షేర్ల గురించి మాట్లాడుకుంటే ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "వంద షేర్లకు ఇరవై వేల డాలర్లు పెట్టడమెందుకు? తొమ్మిది వేల లోపే ఒక డీప్ ఐటీఎం లీప్స్ కాల్ వస్తుంది. లాభం మాత్రం అంతే." ఈ మాట చాలావరకు నిజమే. కానీ మిగిలిన పదకొండు వేలు ఏమయ్యాయో ఎవరూ చెప్పరు. లాభనష్టాల లెక్కంతా ఆ డబ్బు చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా సరుకేమిటో చూద్దాం. ఊళ్లో స్థలానికి బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకున్నప్పుడు ధర ఖాయమవుతుంది, గడువు ఖాయమవుతుంది. గడువులోగా కొనకపోతే బయానా పోతుంది. కాల్ ఆప్షన్ కూడా దాదాపు అలాంటి ఒప్పందమే. ఫలానా తేదీలోగా ఫలానా ధరకు షేరు కొనే హక్కు మనది. ఆ ఖాయం చేసుకున్న ధరను స్ట్రైక్ అంటారు, హక్కు కోసం ఇచ్చేదాన్ని ప్రీమియం అంటారు. అమెరికాలో ఒక కాంట్రాక్టుకు వంద షేర్లు. మామూలు ఆప్షన్లు వారాల్లో, నెలల్లో ముగిసిపోతాయి. ఏడాదికి మించి గడువున్న వాటిని షికాగో బోర్డ్ ఆప్షన్స్ ఎక్స్ఛేంజ్ 1990లో తెచ్చింది. వాటి పేరే లీప్స్. స్ట్రైక్ ఇప్పటి మార్కెట్ ధరకంటే బాగా కిందుంటే ఆ కాల్‌ను డీప్ ఇన్ ద మనీ, పొట్టిగా డీప్ ఐటీఎం అంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. షేరు ఊహించుకున్నదే, అంకెలు మాత్రం మార్కెట్ తీరుకు దగ్గరగా ఉన్నవి. షేరు ధర 200 డాలర్లు. ఏటా ఒక డాలరు డివిడెండు ఇస్తుంది. వడ్డీ రేటు 4 శాతం. పద్దెనిమిది నెలల గడువు, 120 స్ట్రైక్ ఉన్న కాల్‌ను బ్రోకర్ స్క్రీన్‌పై చూస్తే కొనేవాళ్ల ధర 86.50, అమ్మేవాళ్ల ధర 88.50 అని కనిపిస్తుంది. మధ్యలో 87.50కి లిమిట్ ఆర్డర్ పెడితే దొరికిందనుకుందాం. ఒక కాంట్రాక్టుకు 8,750 డాలర్లు అయింది.

200 డాలర్ల షేరును 120కి కొనే హక్కు కాబట్టి ఇందులో 80 డాలర్లు గట్టి విలువ. ఈరోజే హక్కు వాడుకున్నా అది చేతికొస్తుంది. దానిపైన ఇచ్చిన ఏడున్నర డాలర్లు దేనికి? చాలామంది దీన్ని టైమ్ వాల్యూ అని వదిలేస్తారు. విడదీసి చూస్తే అందులో మూడు పద్దులున్నాయి.

మొదటిది వడ్డీ. షేరు కొనుక్కున్నవాడు 200 డాలర్లూ ఇప్పుడే కట్టాడు. మనం 80 కట్టి, మిగిలిన 120ని పద్దెనిమిది నెలల తర్వాత కడతామంటున్నాం. అంటే 120 డాలర్లు అప్పు తెచ్చినట్టే. 4 శాతం చొప్పున దానికి వడ్డీ సుమారు 7 డాలర్లు. రెండోది బీమా. షేరు 120 కిందికి ఎంత పడ్డా మనం కట్టిన ప్రీమియం తప్ప పైసా అదనంగా పోదు. ఆ భద్రతకు 2 డాలర్లు. మూడోది తగ్గింపు. పద్దెనిమిది నెలల్లో వచ్చే డాలరున్నర డివిడెండు షేరున్నవాడికే గానీ కాల్ ఉన్నవాడికి రాదు, కాబట్టి ఆ మేరకు ధర తగ్గుతుంది. ఏడూ రెండూ తొమ్మిది, అందులోంచి ఒకటిన్నర తీస్తే ఏడున్నర.

ఇప్పుడు ఇద్దరిని పక్కపక్కన నిలబెడదాం. ఒకరు 20,000 పెట్టి వంద షేర్లు కొన్నారు. రెండోవారు 8,750తో ఒక కాల్ కొని, మిగిలిన 11,250ని అమెరికా ప్రభుత్వ ట్రెజరీ బిల్లుల్లో పెట్టారు. గడువు నాటికి ఆ బిల్లులు సుమారు 675 వడ్డీతో 11,925 అవుతాయి.

గడువు రోజున షేరు 260 అయితే మొదటివారి దగ్గర డివిడెండుతో కలిపి 26,150 ఉంటుంది. కాల్ విలువ 14,000, బిల్లులతో కలిపి రెండోవారి దగ్గర 25,925. తేడా 225 డాలర్లు. షేరు కదలకుండా 200 దగ్గరే ఉంటే 20,150కి ఎదురుగా 19,925. ఇక్కడా అదే 225. షేరు 100కి పడిపోతే లెక్క తిరగబడుతుంది. షేర్లున్నవారి దగ్గర 10,150 మిగిలితే, కాల్ సున్నా అయినా రెండోవారి దగ్గర 11,925 ఉంటుంది. దాదాపు 118 డాలర్ల దగ్గర ఇద్దరూ సమానం. దానికి పైన రెండోవారు కొద్దిగా వెనక, కింద ముందు. ఆ 225 డాలర్లు ప్రధానంగా బీమా ఖర్చే. ప్రీమియంలో కట్టిన వడ్డీ ట్రెజరీ బిల్లుల్లో దాదాపుగా తిరిగొచ్చింది.

షేరుకు బదులు కాల్ అనే మాట పూర్తిగా నిలబడేది ఈ పద్ధతిలోనే. ఒక కాల్, దాని పక్కన కదలకుండా ఉన్న 11,250. ఆ డబ్బు అక్కడి నుంచి కదిలితే ఇది ఇంకో వ్యాపారమవుతుంది.

ఎక్కువమంది చేసేది అదే. ఇరవై వేలున్నాయి, ఒకటెందుకు రెండు కొందాం అంటారు. రెండు కాంట్రాక్టులకు 17,500 పోగా చేతిలో 2,500 ఉంటుంది, వడ్డీతో 2,650. గడువుకు షేరు 260 అయితే వీరి దగ్గర 30,650 ఉంటుంది, కబుర్లలో వినిపించేది ఈ అంకే. షేరు 160కి వస్తే? షేర్లున్నవారికి 16,150 మిగులుతుంది. రెండు కాల్స్ ఉన్నవారికి 10,650. షేరు పడింది ఇరవై శాతం, వీరి డబ్బు పోయింది సుమారు నలభై ఏడు శాతం. షేరు 120కి వస్తే వీరి దగ్గర మిగిలేది ఆ 2,650 మాత్రమే. అప్పు చేసి రెండింతల షేర్లు కొన్నట్టే అయింది. బ్రోకర్ నుంచి మార్జిన్ కాల్ రాదు కాబట్టి అది అప్పులా అనిపించదు, అంతే.

షేరు మధ్యలోనే పడితే కాల్ స్వభావం కూడా మారిపోతుంది. కొన్నప్పుడు షేరు డాలరు కదిలితే కాల్ సుమారు 95 సెంట్లు కదిలేది. ఈ నిష్పత్తిని డెల్టా అంటారు. ఆరు నెలల తర్వాత షేరు 130కి పడి, మార్కెట్లో ఆందోళన పెరిగిందనుకుందాం. కాల్ ధర 27 డాలర్ల ప్రాంతంలో ఉంటుంది, డెల్టా 0.70కి దిగుతుంది. 27లో గట్టి విలువ 10 డాలర్లే, మిగిలిన 17 రోజురోజుకూ కరిగేది. షేరు పది డాలర్లు కోలుకుంటే కాల్ సుమారు ఏడే కోలుకుంటుంది. ఇప్పుడది షేరుకు బదులు కాదు, మామూలు ఆప్షనే. డెల్టా 0.80 కిందికి దిగినప్పుడు ఈ మార్పును స్క్రీన్‌పైనే గుర్తించవచ్చు.

ఇక గడువు సంగతి. షేరు పడినా కంపెనీ మీద నమ్మకముంటే షేరుదారు అయిదేళ్లు ఆగవచ్చు. కాల్ ఉన్నవారికి ఆ వీలు లేదు. గడువు రోజున షేరు 115 ఉండి, మూడు నెలల తర్వాత 200కి చేరినా వీరికి ఒరిగేదేమీ లేదు. కొనసాగాలంటే గడువుకు ముందే పాత కాల్‌ను అమ్మి ఇంకా దూరపు తేదీది కొనాలి. దీన్ని రోల్ అంటారు. రోల్ చేసిన ప్రతిసారీ కొత్త వడ్డీ, కొత్త బీమా కట్టాలి. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడాలోనూ కొంత పోతుంది. మన ఉదాహరణలో ఆ తేడా 2 డాలర్లు, అంటే కాంట్రాక్టుకు 200 డాలర్లు. ఏడాదంతా చేసిన బీమా లెక్క ఒక్క తొందరపాటు మార్కెట్ ఆర్డర్‌లో రెట్టింపు కావచ్చు. లావాదేవీలు పలచగా ఉండే షేర్లలో ఈ తేడా ఇంకా ఎక్కువ.

పన్నులోనూ తేడా ఉంది. అమెరికా నిబంధనల ప్రకారం కాల్‌ను ఏడాదికి మించి ఉంచుకుని లాభానికి అమ్మితే దీర్ఘకాలిక లాభమే. కానీ హక్కు వాడుకుని షేర్లు తీసుకుంటే, ఆ షేర్ల కాలపరిమితి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. కాల్ పట్టుకున్న నెలలు లెక్కలోకి రావు. కట్టిన ప్రీమియం మాత్రం షేరు కొన్న ధరలో కలుస్తుంది. షేరుదారు అమ్మనంతకాలం లాభంపై పన్ను కట్టనక్కర్లేదు, రోల్ చేసేవారు ప్రతి రోల్‌కూ లెక్క చెప్పాలి.

కాల్ ఉన్నవారికి కంపెనీలో ఓటు లేదు, మామూలు డివిడెండు లేదు. షేరు విభజన జరిగితే మాత్రం నష్టం లేదు. 2020లో యాపిల్ ఒక షేరును నాలుగు చేసినప్పుడు ఒక కాంట్రాక్టు నాలుగైంది, స్ట్రైక్ నాలుగో వంతైంది. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. గడువు రోజున కాల్ ఒక్క సెంటు లాభంలో ఉన్నా, వద్దని చెప్పకపోతే హక్కు దానంతటదే అమలవుతుంది. అప్పుడు స్ట్రైక్ ధరకు వంద షేర్ల డబ్బు, మన ఉదాహరణలో 12,000 డాలర్లు, ఖాతాలో ఉండాలి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇదే పని మన మార్కెట్లో చేద్దామంటే కుదరదు. ఎన్‌ఎస్‌ఈలో విడి షేర్ల ఆప్షన్లకు మూడు నెలల వరకే గడువు. నిఫ్టీకి దూరపు తేదీలున్నా, డీప్ ఐటీఎం స్ట్రైకుల్లో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ పలచగా ఉంటారు. పైగా 2019 అక్టోబరు నుంచి విడి షేర్ల ఆప్షన్లన్నీ షేర్ల బదిలీతోనే ముగుస్తున్నాయి, కాబట్టి లాభంలో ఉన్న కాల్‌ను చివరిదాకా ఉంచితే లాట్ మొత్తానికి డబ్బు కట్టాల్సిందే. ఎల్‌ఆర్‌ఎస్ కింద విదేశీ షేర్లు కొనేందుకు డబ్బు పంపవచ్చు గానీ, విదేశీ ఎక్స్ఛేంజీల్లో మార్జిన్లకు పంపడాన్ని రిజర్వు బ్యాంకు అనుమతించదు.

కాబట్టి ఈ లెక్క పనికొచ్చేది అమెరికాలో ఖాతా ఉండి, అక్కడ పన్ను కట్టేవారికే. వారైనా కొనేముందు రెండు లెక్కలు వేసుకోవాలి. ప్రీమియంలోంచి గట్టి విలువ తీసేసి, మిగిలినదాన్ని స్ట్రైక్ మీద వడ్డీతో, రాని డివిడెండుతో పోల్చితే బీమాకు ఎంత కడుతున్నామో తేలుతుంది. ఆ బీమా మనకు అవసరం లేదనిపిస్తే షేరే చవక. రెండోది, స్ట్రైక్‌కు సరిపడా డబ్బు ఎక్కడుంది? ట్రెజరీ బిల్లుల్లో ఉంటే మన దగ్గరున్నది బీమా చేసిన షేరు. ఇంకో కాల్‌లో ఉంటే గడువు తేదీ ఉన్న అప్పు.