పల్లీ పడని పిల్లాడి కోసం టీచరు గారికి చీటీ

"మావాడికి పల్లీలు పడవండీ" అని ప్లేస్కూలు గుమ్మంలో ఒక్క మాట చెప్పి వెళ్లిపోతుంటాం. టీచరు పల్లీలైతే పెట్టరు. కానీ ఇడ్లీ పక్కన చట్నీలో, పులిహోరలో, గుత్తివంకాయ కూరలో, పుట్టినరోజుకి పంచే చిక్కీలో ఉన్నదీ పల్లీయేనని ఆ హడావుడిలో తట్టదు. అందుకే పేరుపేరునా రాసివ్వాలి. మూడేళ్ల పిల్లాడికైతే ఇలా రాయొచ్చు:

"టీచర్ గారూ, మా చిన్నుకి వేరుశనగ పడదు. కొంచెం తిన్నా ప్రాణం మీదికి రావచ్చు. మేం పంపిన డబ్బాలోది తప్ప ఇంకేమీ పెట్టకండి. పల్లీ ఉన్నవి తిన్న పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. శానిటైజర్ రాస్తే అది పోదు.

వాడికి ఇబ్బందిగా ఉందని చెప్పడం రాదు. మూతి చుట్టూ దద్దుర్లు వచ్చినా, పెదవి ఉబ్బినా వెంటనే మాకు ఫోన్ చేయండి, వాణ్ణి కనిపెట్టుకుని ఉండండి. ఏడుపు గొంతు బొంగురుపోయినా, ఆగకుండా దగ్గినా, ఊపిరి పీలుస్తుంటే ఈలలా వినిపించినా, తిన్న కాసేపటికే మళ్లీ మళ్లీ వాంతులైనా, ఉన్నట్టుండి వాడిపోయి మగతగా ఒరిగిపోయినా మా ఫోన్ కోసం చూడొద్దు. బ్యాగులోని ఎడ్రినలిన్ ఇంజెక్షన్‌ను తొడ బయటివైపు, మధ్యలో వేయండి. నిక్కరు మీంచైనా ఫరవాలేదు. తర్వాత 108కి, ఆపైన మాకు."

ఇక్కడే చాలామంది తడబడతారు. ముందు సెట్రిజిన్ సిరప్ పట్టి, తగ్గుతుందేమోనని చూస్తారు. ఆ సిరప్ దురదను తగ్గిస్తుంది కానీ మూసుకుపోతున్న గొంతును తెరవదు, పడిపోతున్న బీపీని నిలపదు. ఆ పని చేసేది ఎడ్రినలిన్. అనుమానం ఉన్నప్పుడు వేయకపోవడమే ఎక్కువ ప్రమాదం. చీటీలో ఈ వాక్యానికి కింద గీత గీయండి.

ఇంజెక్షన్ తర్వాత పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచాలి. ఆయాసంగా ఉంటే ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి. కాస్త కోలుకున్నట్టున్నా నడిపించకూడదు. లేచి నిలబడితే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. అయిదు నిమిషాల్లో తేలిక పడకపోతే డాక్టరు చెప్పినట్టు రెండో మోతాదు వేయాలి. పూర్తిగా తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టవచ్చు.

పెన్నులా ఉండి నొక్కితే చాలే ఇంజెక్షన్ మన మందుల షాపుల్లో తేలిగ్గా దొరకదు. దొరికినవాళ్లు టీచరు చేత ఖాళీ ట్రైనర్‌తో సాధన చేయించాలి. దొరకనివాళ్లు పిల్లాడి బరువును బట్టి మోతాదు ఎంతో, ఎలా ఇవ్వాలో డాక్టరు చేత రాయించుకోవాలి. స్కూలుకి దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్లాలో కూడా ముందే అడిగి చీటీలో చేర్చాలి. మందును ఫ్రిజ్‌లో, ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టకూడదు. రంగు మారినా, గడువు దాటినా కొత్తది తెచ్చివ్వాలి.

చీటీ ఒక కాపీ ఇంజెక్షన్ పెట్టె మూతకి, ఇంకొకటి పిల్లలు తినే గది గోడకి అంటించమనండి. మధ్యాహ్నం పిల్లలకు అన్నం పెట్టే ఆయాకు మాత్రం పక్కన కూర్చుని చదివి వినిపించండి.