రెండో మానిటర్ ఆపినా విండోలు చెదరకుండా

రెండు మానిటర్లు పెట్టుకుని పనిచేసేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. భోజనానికి లేస్తూ కుడివైపు మానిటర్ బటన్ నొక్కి ఆపేస్తారు. తిరిగొచ్చి ఆన్ చేసేసరికి అక్కడ పరిచిపెట్టుకున్న ఎక్సెల్, బ్రౌజర్, మెయిల్ అన్నీ ఎడమవైపు తెర మీద ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి. చేతికి అలవాటైన చోట పెట్టుకున్న ఐకాన్లు ఎక్కడెక్కడికో పోతాయి. పక్క సీటులో ఉన్నవాళ్లదీ అదే విండోస్, రెండు మానిటర్లే. వాళ్లకు మాత్రం ఏదీ కదలదు. ఈ తేడా చాలాసార్లు కంప్యూటర్లో ఉండదు. మానిటర్‌కు వెళ్లే కేబుల్లో ఉంటుంది.

మానిటర్ కేబుల్‌లో బొమ్మను మోసే తీగలతో పాటు ఒక చిన్న కబురు తీగ కూడా ఉంటుంది. దాన్ని హాట్ ప్లగ్ డిటెక్ట్ అంటారు. ఆ తీగలో వోల్టేజీ ఉన్నంతసేపూ అవతల మానిటర్ ఉందని కంప్యూటర్ అనుకుంటుంది. వోల్టేజీ పడిపోతే కేబుల్ పీకేశారని లెక్క. హెచ్‌డీఎంఐలో కంప్యూటరే 5 వోల్టుల కరెంటును కేబుల్ ద్వారా మానిటర్‌కు పంపుతుంది. చాలా మానిటర్లు ఆ 5 వోల్టులనే కబురు తీగ మీదుగా తిప్పి పంపుతాయి. అందుకే మానిటర్ బటన్ ఆపినా, గోడ ప్లగ్గు తీసినా కబురు తెగదు. డిస్‌ప్లేపోర్టులో పద్ధతి వేరు. అక్కడ ఆ కబురు పంపాల్సింది మానిటరే. బటన్ ఆపగానే చాలా మానిటర్లు ఆ తీగను కూడా వదిలేస్తాయి. మీరు ఆపింది వెలుతురునే అయినా, విండోస్‌కు మాత్రం మానిటర్ బల్ల మీద నుంచి మాయమైనట్టే.

మానిటర్ లేదనుకున్నాక విండోస్ చేసేది సబబైన పనే. లేని తెర మీద విండోను వదిలేస్తే మీకు అది ఎప్పటికీ దొరకదు కదా. అందుకే ఉన్న తెర మీదికి లాక్కొస్తుంది. చిక్కంతా మానిటర్ తిరిగి వచ్చినప్పుడు ఏది ఎక్కడ ఉండేదో గుర్తుపెట్టుకోవడంలోనే. విండోస్ 10 ఇందులో బాగా వెనకబడింది. కంప్యూటర్ నిద్రలోకి వెళ్లి లేచినప్పుడు డిస్‌ప్లేపోర్ట్ మానిటర్ల మీద ఇలా జరగడాన్ని మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లే 2021లో వివరించి, అదే ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 11లో దాన్ని చాలావరకు సరిచేశారు.

మీ బల్ల మీద ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. రెండో మానిటర్‌ను బటన్‌తో ఆపండి. పది సెకన్లు ఆగి, మొదటి తెర మీద ఉన్న మౌస్ బాణాన్ని ఆ ఆపిన మానిటర్ వైపు నెట్టండి. బాణం అంచు దాటి చీకట్లోకి పోయి కనిపించకుండా పోతే, విండోస్ దృష్టిలో ఆ మానిటర్ ఇంకా ఉన్నట్టే. మీ విండోలు అక్కడే క్షేమంగా ఉన్నాయి. బాణం అంచు దగ్గరే ఆగిపోతే కబురు తెగింది. మీ తిప్పలకు మూలం అదే.

తెనాలిలో దుకాణాలకు జీఎస్టీ లెక్కలు చూసే ఒకావిడ, మా చెల్లెలి స్నేహితురాలు, ఈ మధ్య ఇదే విషయమై ఫోన్ చేసింది. "అన్నయ్యా, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నా బల్లంతా ఎవరో చిందరవందర చేసినట్టు అవుతోంది. వైరస్ ఏమైనా పట్టిందంటావా?" అంది. వైరస్ కాదు. ఆవిడ దగ్గర 15 అంగుళాల లాప్‌టాప్, దాని పక్కన 24 అంగుళాల మానిటర్ ఉన్నాయి. రెండిటి కొలతా 1920 x 1080. టాలీ లాప్‌టాప్ మీద, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్ పెద్ద మానిటర్ మీద ఉంటాయి. మానిటర్‌కు వెళ్లే కేబుల్ డిస్‌ప్లేపోర్టుది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గానీ మానిటర్ ప్లగ్గు దాని లైనులో లేదు. కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, మానిటర్ మాత్రం ఆరిపోతుంది.

ఇంతవరకు విండోల సంగతి. ఐకాన్ల గొడవకు ఇంకో కారణం ఉంది. ఆవిడ పెద్ద మానిటర్‌ను ప్రధాన తెరగా పెట్టుకుంది. ఐకాన్లు మామూలుగా ప్రధాన తెరనే అంటిపెట్టుకుని ఉంటాయి. అది పోగానే లాప్‌టాప్ ప్రధాన తెర అయింది, ఐకాన్లన్నీ దాని మీదికి వచ్చిపడ్డాయి. లాప్‌టాప్‌లో అక్షరాలు పెద్దగా కనిపించడానికి స్కేలింగ్ 150 శాతంలో ఉంది. అంటే ఐకాన్లు పేర్చడానికి దొరికే చోటు 1280 x 720 అంతే. పెద్ద మానిటర్‌లో కింది వరుసల్లో ఉన్నవాటికి ఇక్కడ చోటు చాలక పక్క వరుసల్లోకి ఎక్కాయి. కరెంటు వచ్చాక విండోలు చాలావరకు వెనక్కి వెళ్లినా ఐకాన్లలో కొన్ని కొత్త చోటనే ఉండిపోతున్నాయి. చీకట్లో పని ఆపకుండా ఆవిడ జరిపి వాడుకున్న ఎక్సెల్ కూడా వెనక్కి వెళ్లడం లేదు. మానిటర్ లేనప్పుడు మనం చేత్తో కదిపిన విండోను, కావాలనే అక్కడ పెట్టుకున్నారని విండోస్ అనుకోవడం సహజం.

ఆవిడ చేత ముందుగా ప్రధాన తెరను మార్పించాను. Settings తెరిచి System, అందులో Display. అక్కడ 1, 2 అంకెలతో పెట్టెలు కనిపిస్తాయి. లాప్‌టాప్ పెట్టెను నొక్కి, కింద Multiple displays భాగంలో Make this my main display అన్నచోట టిక్ పెట్టాలి. ఎప్పుడూ ఆరిపోని తెరే ప్రధాన తెర కావాలన్నది నియమం. తర్వాత ఐకాన్లను లాప్‌టాప్ తెర మీదే ఒకసారి కుదురుగా పేర్చుకుంది. డెస్క్‌టాప్ ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి View లోకి వెళ్లి Auto arrange icons టిక్ తీసేయించాను. అది ఉంటే మనం ఎంత పేర్చినా విండోస్ తన వరుస తనే కడుతుంది. ఇకపై పెద్ద మానిటర్ ఉన్నా పోయినా ఐకాన్లకు కదలాల్సిన అవసరమే లేదు. వాటిలో ఒక్కదాన్ని కూడా రెండో మానిటర్ మీదికి లాగిపెట్టవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. అలా పెట్టినవే మొదట చెదురుతాయి.

రెండోది కేబుల్. లాప్‌టాప్‌కూ మానిటర్‌కూ హెచ్‌డీఎంఐ సాకెట్లు ఉన్నాయి కాబట్టి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ తీసి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టించాను. 5 వోల్టులు పంపేది బ్యాటరీ మీద నడుస్తున్న లాప్‌టాప్ కాబట్టి కరెంటు పోయినా కబురు తెగలేదు, ఎక్సెల్ కదల్లేదు. ఈ మందు అందరికీ పనిచేయదు. హెచ్‌డీఎంఐలో కూడా ఆపగానే కబురు తెంపే మానిటర్లు ఉన్నాయి. పాత హెచ్‌డీఎంఐ 1.4 సాకెట్ ఉంటే 4కె మానిటర్ సెకనుకు 30 ఫ్రేములే చూపిస్తుంది, మౌస్ ఈడ్చినట్టు కదులుతుంది. యూఎస్‌బీ-సి నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డాంగిల్ వాడేవాళ్లకు లోపల నడిచేది డిస్‌ప్లేపోర్టే కాబట్టి ఫలితం ఆ డాంగిల్‌ను బట్టి ఉంటుంది. మౌస్ పరీక్ష చేసి చూసుకోవడమే మార్గం.

హెచ్‌డీఎంఐతో ఒక కొత్త చిక్కు కూడా వస్తుంది. మానిటర్ ఆరిపోయినా విండోస్‌కు తెలియదు కాబట్టి, ఎక్సెల్ ఆ చీకటి తెర మీదే ఉండిపోతుంది. అప్పుడు టాస్క్‌బార్‌లో ఎక్సెల్ గుర్తును నొక్కి, విండోస్ కీ, షిఫ్ట్ రెండూ పట్టుకుని ఎడమ బాణం కీ నొక్కితే అది పక్క తెరకు వస్తుంది. కుడి బాణంతో అలాగే తిరిగి పంపొచ్చు. కరెంటు గంటసేపు రాదనుకుంటే విండోస్ కీ, P కలిపి నొక్కి PC screen only ఎంచుకుంటే మొత్తం లాప్‌టాప్ మీదికి వస్తుంది. చిన్న కోతకు మొదటిది, పెద్ద కోతకు రెండోది.

కేబుల్ మార్చే వీలు లేనివాళ్లు మానిటర్ సొంత మెనూలో ఒకసారి వెతకాలి. డీప్ స్లీప్ అనో, ఇన్‌పుట్‌ను తనంతట తనే వెతుక్కునే ఆటో సోర్స్ అనో ఉంటుంది. ఈ రెండూ ఆపేస్తే తెర నిద్రపోయినప్పుడు కబురు తెగకుండా నిలబడే మానిటర్లు చాలానే ఉన్నాయి. బటన్‌తో పూర్తిగా ఆపినప్పుడు మాత్రం ఇది అన్నిటికీ పనిచేయదు. అలాంటప్పుడు బటన్ ముట్టుకోకుండా, విండోస్ పవర్ సెట్టింగ్‌లోనే తెర ఆరిపోయే సమయాన్ని తగ్గించుకోవడం మేలు.

విండోస్ 11 వాడేవాళ్లు అదే Multiple displays భాగంలో Remember window locations based on monitor connection దగ్గర టిక్ ఉందో లేదో చూసుకోవాలి. దాని దగ్గరే ఉండే Minimize windows when a monitor is disconnected పెట్టుకుంటే, మానిటర్ పోయినప్పుడు దాని మీది విండోలు రెండో తెర మీద గుట్టపడకుండా టాస్క్‌బార్‌లోకి దిగుతాయి. ఈ జ్ఞాపకం మానిటర్‌ను, అది తగిలించిన సాకెట్‌ను బట్టి ఉంటుంది. నిన్న ఒక సాకెట్‌లో, ఇవాళ ఇంకో సాకెట్‌లో పెడితే విండోస్‌కు అది కొత్త మానిటర్‌లా కనిపించవచ్చు. కేబుల్ ఒకే చోట ఉంచండి.

ఇవన్నీ చేసినా చెదురుతుంటేనే సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలి. ఐకాన్లకు డెస్క్‌టాప్ ఓకే అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది. పేర్చుకున్నాక ఒకసారి సేవ్ చేస్తే, చెదిరినప్పుడు రిస్టోర్ నొక్కగానే ఎక్కడివక్కడికి వస్తాయి. విండోలకు పర్సిస్టెంట్ విండోస్ ఉంది, అదీ ఉచితమే. గడియారం పక్కన కూర్చుని విండోల చోట్లు గుర్తుపెట్టుకుని, మానిటర్ రాగానే వాటిని వెనక్కి పంపుతుంది. అడ్మినిస్ట్రేటర్ హక్కులతో తెరిచిన ప్రోగ్రామ్‌ను మాత్రం తానూ అవే హక్కులతో నడిస్తే తప్ప కదపలేదు. కంపెనీ లాప్‌టాప్‌లో ఇలాంటివి పెట్టడానికి ఐటీ విభాగం అనుమతి అడగాలి. కేబుల్ మార్చడానికి, ప్రధాన తెర మార్చడానికి సాధారణంగా ఆ అవసరం ఉండదు.

ఇప్పుడు రెండో మానిటర్ కొనబోతున్నవాళ్లకు ఒక మాట. దుకాణంలో రంగులు చూశాక, మీ లాప్‌టాప్ తగిలించి, మానిటర్‌ను దాని బటన్‌తో ఆపి, మౌస్ బాణాన్ని అంచు దాటించి చూడండి. డబ్బు కట్టేముందే చేయండి.