గేట్ మీటింగ్‌లో చెప్పాల్సిన డీజిల్ లెక్క

ఆర్టీసీ డిపోలో సిబ్బందికి ఏదైనా చెప్పాలంటే గేట్ మీటింగ్ పెడతారు. ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది కాబట్టి, ఆ ముందర జరిగే మీటింగుల్లో లక్ష్యాల మాట వస్తుంది. ‘ఈ ఏడాది కేఎంపీఎల్ 5 నుంచి 5.1కి పెరగాలి’ అని మేనేజర్ అన్నారనుకుందాం. లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్నదే కేఎంపీఎల్. మాట అక్కడితో ఆగిపోతే, విన్న డ్రైవర్ స్టీరింగ్ పట్టుకున్నాక ఏం మార్చుకోవాలి?

అందుకే ఆ అంకెను ఒక్క బస్సు దాకా దించాలి. డిపోలో 100 బస్సులు, ఒక్కోటి రోజుకు 300 కిలోమీటర్లు తిరుగుతాయనుకోండి. 5 చొప్పున బస్సుకు 60 లీటర్లు పడుతుంది, 5.1 వస్తే 58.8 చాలు. అంటే బస్సుకు 1.2 లీటర్లు, డిపోకు రోజుకు దాదాపు 118 లీటర్లు మిగులుతుంది. ‘మీ బస్సులో రోజుకు లీటరుంపావు లోపే’ అంటే ఎవరికైనా అందే మాటే.

ఇక ఆ లీటరు ఎక్కడ పోతోందో చెప్పాలి. డ్రైవర్ల వైపు చూస్తే క్లచ్ మీద కాలు ఆనించి నడపడం, స్టాపు దగ్గరకొచ్చాక గట్టిగా బ్రేకు కొట్టడం, బస్టాండులో ఇంజిన్ ఆపకపోవడం. కండక్టర్ దిగేవాళ్లను ముందే అడిగి వేళకు బెల్లు కొడితే ఆ బ్రేకు అవసరం తగ్గుతుంది. గ్యారేజీలో చూడాల్సింది టైర్లలో గాలి, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, చక్రాన్ని వదలకుండా పట్టేసిన బ్రేకులు. బస్సు కాసేపు నడిచి ఆగాక ఒక చక్రం డ్రమ్ము మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే, అక్కడ బ్రేకు పట్టేస్తోందని అనుమానించాలి. బంకులో రోజూ ట్యాంకును ఒకే మట్టానికి నింపాలి. నిన్న కాస్త తక్కువ పోసి ఇవాళ నిండా పోస్తే, నిన్నటి డ్రైవర్ మంచివాడవుతాడు, ఇవాళ్టి డ్రైవర్ మాట పడతాడు.

అందరికీ 5.1 అనడం మాత్రం అన్యాయం. ఘాట్ రోడ్డు ఎక్కే బస్సునూ, అడుగడుగునా ఆగే సిటీ బస్సునూ హైవే ఎక్స్‌ప్రెస్‌తో పోల్చకూడదు. రూటునుబట్టి, బండి రకాన్నిబట్టి లక్ష్యం వేరుగా చెప్పాలి. కంప్రెసర్ పనిచేయని డిపోలో టైర్ల గాలి గురించి చెబితే ఎవరూ వినరు. దాన్ని ఏ తేదీకి బాగుచేయిస్తారో కూడా మేనేజర్ అదే మీటింగులో చెప్పాలి.

కేఎంపీఎల్ తగ్గినప్పుడు ఎవరిని అడుగుతారన్నది సిబ్బంది మనసులో ముందునుంచీ ఉండే భయం. దానికీ అక్కడే జవాబు ఇవ్వొచ్చు: ‘ఒకే రూటులో ఎవరు నడిపినా ఆ బండికే తగ్గుతుంటే గ్యారేజీకి పంపుతాం. ఏ బండి ఎక్కినా ఒకే డ్రైవర్‌కు తగ్గుతుంటే, ట్రైనర్‌ను పక్కన కూర్చోబెట్టి పంపుతాం. నెల లెక్క చూడకుండా ఎవరికీ మెమో ఇవ్వం.’