ఒకే సూత్రం, నాలుగు జవాబులు

ఇంటర్ మొదటి సంవత్సరం తెలుగు అకాడమీ గణితం 1ఎ పుస్తకం ప్రమేయాలతోనే మొదలవుతుంది. సీబీఎస్‌ఈ పిల్లలకు అన్వేకం, సంగ్రస్తం 12వ తరగతిలో వస్తాయి. ఈ పాఠం వర్క్‌షీట్లలో తరచూ కనిపించే ప్రశ్న: f(x) = x² అన్వేకమా, సంగ్రస్తమా? అంతవరకే అడిగితే దానికి జవాబు చెప్పలేం. సూత్రం ఏ సమితి నుంచి ఏ సమితికి వెళ్తోందో తెలిస్తేనే తేలుతుంది.

పరీక్ష హాలు ఊహించుకోండి. ప్రతి విద్యార్థికీ ఒక సీటు, ఒకే ఒక్క సీటు కేటాయిస్తే అది ప్రమేయం. ఎవరికైనా సీటు లేకపోయినా, ఒకరికే రెండు సీట్లు ఇచ్చినా అది సంబంధమే కానీ ప్రమేయం కాదు. ఒకే సీటు ఇద్దరికి రాకపోతే ఆ ప్రమేయం అన్వేకం. ఒక్క సీటూ ఖాళీగా మిగలకపోతే సంగ్రస్తం. రెండూ కుదిరితే ద్విగుణం. విద్యార్థుల సమితిని ప్రదేశం అనీ, సీట్ల సమితిని సహప్రదేశం అనీ అంటారు.

ఇప్పుడు x² దగ్గరికి వద్దాం. వాస్తవ సంఖ్యల సమితి R నుంచి R కే తీసుకుంటే 2, -2 రెండూ 4కే వెళ్తాయి కాబట్టి అన్వేకం కాదు. ఏ వాస్తవ సంఖ్య వర్గమూ -1 కాదు కాబట్టి సంగ్రస్తమూ కాదు. సహప్రదేశాన్ని [0, ∞)కి కుదిస్తే సంగ్రస్తమవుతుంది, అన్వేకం మాత్రం కాదు. సహప్రదేశాన్ని R గానే ఉంచి ప్రదేశాన్ని [0, ∞) చేస్తే అన్వేకమవుతుంది, సంగ్రస్తం కాదు. రెండింటినీ [0, ∞) చేస్తే ద్విగుణం. సూత్రంలో ఒక్క అక్షరమూ మారలేదు, నాలుగు జవాబులు వచ్చాయి.

అన్వేకమని నిరూపించడానికి f(a) = f(b) అనుకుని, a = b అని తేల్చాలి. ఇక్కడ చాలామంది a² = b² అని రాసి, వెంటనే a = b అనేస్తారు. నిజానికి వచ్చేది (a - b)(a + b) = 0. అంటే a = b కావచ్చు, a = -b కూడా కావచ్చు. ప్రదేశం [0, ∞) అయితే a, b రుణ సంఖ్యలు కావు. కాబట్టి a + b సున్న కావాలంటే రెండూ సున్నలే కావాలి, అప్పుడూ a = b యే. ప్రదేశం గురించి ఒక్క మాటా లేకుండా ఈ నిరూపణ ముగిసిందంటే అందులో లోపం ఉన్నట్టే.

సంగ్రస్తమని చూపాలంటే సహప్రదేశంలో ఏదో ఒక y తీసుకుని, f(x) = y నుంచి x విలువ కట్టాలి. f(x) = 2x + 3 అయితే x = (y - 3)/2. లెక్క ఇక్కడితో అయిపోయిందని చాలామంది ఆపేస్తారు. వచ్చిన x ప్రదేశంలో ఉందా అన్నది ఇంకా చూడాలి. R నుంచి R కి అయితే ఉంటుంది, ప్రమేయం సంగ్రస్తమే. పూర్ణ సంఖ్యల సమితి Z నుంచి Z కి అయితే y = 4 పెట్టి చూడండి: x = 1/2 వస్తుంది, అది పూర్ణ సంఖ్య కాదు. సరి సంఖ్యలన్నీ ఖాళీ సీట్లుగా మిగిలిపోతాయి.

కాదని చెప్పడానికి ఇలాంటి ఒక్క ఉదాహరణ చాలు. అవునని చెప్పడానికి ఎన్ని ఉదాహరణలూ చాలవు. R మీద f(x) = x³ - x తీసుకుని 2, 3, 4 దగ్గర చూస్తే 6, 24, 60 వస్తాయి, అన్నీ వేర్వేరు. అంతమాత్రాన అన్వేకం అనేయలేం. -1, 0, 1 మూడింటి దగ్గరా విలువ సున్నే.

ప్రదేశం, సహప్రదేశం రెండూ పరిమిత సమితులై, మూలకాల సంఖ్య సమానమైతే సగం పని తప్పుతుంది. ముగ్గురికి మూడు సీట్లున్నప్పుడు ఎవరి సీటు వారిదైతే ఖాళీ ఎలాగూ మిగలదు. అప్పుడు అన్వేకం అయితే సంగ్రస్తమూ అవుతుంది, సంగ్రస్తం అయితే అన్వేకమూ అవుతుంది. అనంత సమితులకు ఈ సౌకర్యం లేదు. సహజ సంఖ్యల మీద n ను n² కు పంపితే అది అన్వేకం, కానీ 2, 3, 5 లాంటివి మిగిలిపోతాయి. సహప్రదేశంగా వర్గ సంఖ్యలనే తీసుకుంటే అదే ద్విగుణం. అంటే సహజ సంఖ్యల్లో కొన్ని మాత్రమే అయిన వర్గ సంఖ్యలు, సహజ సంఖ్యలన్నిటితోనూ ఒకటికొకటిగా జతపడుతున్నాయి. గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో ఈ జతనే చూపి, ఎక్కువ, తక్కువ, సమానం అనే మాటలు అనంతానికి వర్తించవని తేల్చాడు. 19వ శతాబ్దంలో కాంటర్ ఇలాంటి ద్విగుణ ప్రమేయాన్నే కొలతగా తీసుకున్నాడు. రెండు సమితుల మధ్య అలాంటి ప్రమేయం ఒక్కటి దొరికినా, అవి అనంతమైనా సరే, వాటి పరిమాణం ఒకటే అని నిర్వచించాడు.