మాట జారకముందే నాడి చూసుకోండి

అమెరికాలోని సియాటిల్ నగరంలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, తమ ఇంట్లో తెగని తగువు గురించే మాట్లాడుకోమనేవారు. మాట్లాడుతున్నంతసేపూ వాళ్ల గుండె వేగాన్ని పరికరాలు కొలిచేవి. ఒక ప్రయోగంలో వాదన మధ్యలో ఆపించి, పరికరాలు సరిచేసుకోవాలి, ఈలోగా మాట్లాడుకోకుండా పత్రికలు తిరగేయండి అన్నారు. అరగంట తర్వాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు గుండె వేగం తగ్గింది, మాటతీరు మెత్తబడింది. మధ్యలో ఎవరూ వాళ్లకు నచ్చజెప్పలేదు. ఒళ్లు చల్లబడింది, అంతే.

కూర్చుని మాట్లాడుతూ ఉండగానే గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకుంటోందంటే, ఎదుటివాళ్ల మాట సరిగా చెవికెక్కే స్థితి దాటిపోతున్నట్టేనని గాట్‌మన్ లెక్క. అయితే ఒళ్లు అంతకుముందే చెబుతుంది. చెవులు వేడెక్కుతాయి, పళ్లు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. అన్న మాటే మళ్లీ అంటుంటాం. నాకైతే ఈ చివరి గుర్తే అన్నిటికంటే నమ్మదగినదిగా కనిపిస్తుంది.

ఒక ఇల్లు అనుకుందాం. చెప్పకుండా తమ్ముడికి 20,000 రూపాయలు పంపాడని భార్య అడిగింది. "ఇప్పుడేమైందని?" అని భర్త మూడోసారి అన్నాడు, దవడ బిగిసింది. మణికట్టు మీద వేళ్లుంచి 15 సెకన్లు లెక్కపెడితే 27 వచ్చింది. నాలుగుతో హెచ్చిస్తే 108. ఆ క్షణంలో అతను ఏం చెప్పినా అది డబ్బు గురించి ఉండదు, ఆమె పుట్టింటి మీదికి పోతుంది. "నాకు కోపం పెరుగుతోంది. అరగంట ఆగి తొమ్మిదిన్నరకు మాట్లాడదాం" అని లేచాడు. ఆ టైము చెప్పడమే కీలకం. చెప్పకుండా లేచిపోతే ఆమెకు అది లెక్కలేనితనంగానే కనిపిస్తుంది.

రక్తంలో పెరిగిన ఆడ్రినలిన్ ప్రభావం పూర్తిగా దిగడానికి కనీసం 20 నిమిషాలైనా పట్టవచ్చు. ఊపిరి లోపలికి తీసుకున్న దానికంటే నెమ్మదిగా వదలడం, భుజాలు సడలించడం, గిన్నెలు కడగడం పనికొస్తాయి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: మేడ మీద పచార్లు చేస్తూ, "వెళ్లి ఇలా అడుగుతా" అని మనసులో వాదన నడిపిస్తారు. అప్పుడు గంట గడిచినా కోపం దిగదు. తిరిగొచ్చేముందు నాడి మళ్లీ చూసుకోవాలి. తగ్గకపోతే ఇంకో పావుగంట అడగాలి.

బీపీకి, గుండెకు వాడే కొన్ని మాత్రలు నాడిని తగ్గించి ఉంచుతాయి. అలాంటివారు అంకె కంటే దవడను, ఊపిరినే నమ్మాలి. ఇక చెయ్యి చేసుకునే మనిషి ఉన్న ఇంట్లో ఈ పద్ధతి చాలదు. అక్కడ ఆమె ముందు బయటపడాలి. మహిళల హెల్ప్‌లైన్ నంబరు 181.