ఏ పేరా ముందు? మిర్చి వ్యాసం మీద అపోహలు – వాస్తవాలు

గుంటూరు, ప్రకాశం జిల్లాల డిగ్రీ విద్యార్థికి రైతు సమస్య మీద వ్యాసం రాయమంటే సంగతులు వెతుక్కోవాల్సిన పని లేదు. ఇంట్లోనో పక్కింట్లోనో పత్తి, మిర్చి సాగవుతూనే ఉంటాయి. చిక్కల్లా తెలిసినవి ఎక్కువైనప్పుడు వస్తుంది. అలాంటి ఒక వ్యాసాన్ని ఊహించుకుందాం. దాని థీసిస్, అంటే నిరూపించదలచిన ప్రధాన వాదన, ఇది: పత్తికి ఉన్నట్టే మిర్చికీ నాటు వేయకముందే కనీస ధర ప్రకటించాలి. దాని కింద ఆరు పేరాలు. వాటి టాపిక్ సెంటెన్సులు వరసగా ఇలా ఉన్నాయి.

1. గుంటూరు మిర్చి యార్డుకు దూర ప్రాంతాల నుంచి వ్యాపారులు వస్తారు.
2. 2021–22లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను దెబ్బతీసింది.
3. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించింది.
4. పత్తికి కనీస మద్దతు ధర ఉంది.
5. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు చాలా ఉన్నాయి.
6. తేజ, 334, బ్యాడిగి లాంటి రకాలకు ధరలు వేరువేరుగా ఉంటాయి.

అన్నీ నిజాలే. కానీ ఈ ఆరూ చదివినా వ్యాసం ఏం అడుగుతోందో ఎవరికీ అంతుపట్టదు.

అపోహ: పేరాలన్నీ మిర్చి గురించే కాబట్టి వ్యాసమంతా ఒకే వాదన మీద నడుస్తున్నట్టే.

వాస్తవం: మిర్చి అనేది విషయం, వాదన కాదు. తేడా పట్టుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. థీసిస్ చదివి, "ఎందుకంటే" అని, వెంటనే టాపిక్ సెంటెన్స్ చదవాలి. "కనీస ధర ప్రకటించాలి, ఎందుకంటే యార్డుకు వ్యాపారులు వస్తారు" అంటే ఎక్కడా అతకదు. "ఎందుకంటే పత్తికి ఉంది" అంటే సగం అతుకుతుంది. పత్తికి ఉంటే మిర్చికి ఎందుకుండాలన్న ప్రశ్న మిగిలిపోతుంది. మిగతా సగం కూడా అతకాలంటే వాక్యాన్ని తిరగరాయాలి: "పత్తి రైతుకు విత్తే నాటికే కనీస ధర తెలుస్తుంది, మిర్చి రైతుకు తెలియదు." ఇప్పుడు పేరాలో ఏం పెట్టాలో కూడా తేలిపోయింది. 2024–25 సీజన్‌కు మధ్యరకం పింజ పత్తికి 7,121, పొడవు పింజకు 7,521 రూపాయలని కేంద్రం 2024 జూన్‌లోనే చెప్పింది. మద్దతు ధరల జాబితాలో మిర్చి అసలు లేదు. పత్తి సాగు చరిత్ర, బీటీ విత్తనాల గొడవ ఈ పేరాలోకి రానక్కర్లేదు.

అపోహ: ఏది ముందు జరిగితే అది ముందు రాయాలి.

వాస్తవం: స్కూలు నుంచి వెంట వచ్చిన అలవాటిది. కథకు సరిపోతుంది. వాదనకు మాత్రం పాఠకుడికి ఏది ముందు తెలిస్తే తర్వాతది అర్థమవుతుందన్నదే వరస.

మూడో పేరా సంగతే చూడండి. 2025లో మిర్చి ధర పడిపోయాక, ఫిబ్రవరి చివర్లో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయల ధరను ఖరారు చేసింది. ఈ పేరా పత్తి పేరాకు ముందు ఉంటే పాఠకుడికి ఏమనిపిస్తుంది? ప్రభుత్వం ఆదుకుంది కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. అంటే వ్యాసం తన వాదనను తనే పడగొట్టుకుంటోంది. అదే పేరా పత్తి పేరా తర్వాత వస్తే, విత్తకముందే ధర తెలియడమంటే ఏమిటో పాఠకుడు అప్పటికే చూసి ఉంటాడు. మిర్చి నాట్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో పడతాయి. ఫిబ్రవరికి కోతలు సాగుతూ కాయ యార్డుకు వస్తూ ఉంటుంది. ఆ సాయం ఎంత ఆలస్యంగా వచ్చిందో పాఠకుడే లెక్క వేసుకుంటాడు. అంకె మారలేదు, తేదీ మారలేదు, చోటు మారేసరికి సాక్ష్యం వాదన వైపుకు తిరిగింది. ఇక టాపిక్ సెంటెన్స్ "2025లో ఆసరా పంట యార్డుకు చేరాక గానీ రాలేదు" అని మారుతుంది.

అపోహ: కష్టపడి రాసిన ప్రతి పేరాకూ ఎక్కడో ఒకచోట స్థానం చూపాలి.

వాస్తవం: యార్డు పేరాకు చోటు లేదు. దాంట్లోంచి ఒక వాక్యాన్ని పరిచయంలో వాడుకుని మిగతాది కొట్టేయడమే మంచిది. (గుంటూరు వాళ్లకు ఇది కాస్త ప్రాణం మీదికి వచ్చినట్టుంటుంది, నిజమే.)

పురుగు పేరా అలా కాదు. విడిగా అది దిగుబడి గురించిన పేరా. వ్యాసం ధర గురించినది. అందుకే ఎక్కడ పెట్టినా ఎడంగానే నిలబడుతుంది. కానీ కోల్డ్ స్టోరేజీ పేరాను చూస్తే దాని అవసరం తెలుస్తుంది. ధర లేనప్పుడు సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. దానికి జవాబు, "అప్పున్న రైతుకు కోల్డ్ స్టోరేజీ ధర హామీ కాలేదు." అప్పు ఎందుకు? పురుగు పడ్డ ఏడాది మందులకు మళ్లీ మళ్లీ పెట్టిన ఖర్చు ఒక కారణం. బాకీ తీర్చాల్సినవాడు మంచి ధర వచ్చేదాకా బస్తాలు ఆపలేడు, పైగా అద్దె కట్టాలి. ఇలా రెండో పేరా మూడు వాక్యాలకు కుదించుకుపోయి ఐదో పేరాలో సాక్ష్యంగా కలిసిపోయింది.

అపోహ: ఎదుటివాదం ముగింపుకు ముందే రావాలి, అదే నియమం.

వాస్తవం: నియమమేమీ లేదు. ఎదుటివాదానికి ఇచ్చే జవాబు దేని మీద ఆధారపడుతుందో అది ముందు వచ్చి ఉండాలి, అంతే. ఆరో పేరా నిజానికి ఈ వ్యాసానికి వచ్చే గట్టి అభ్యంతరం: రకానికో ధర, అందులోనూ తాలు కాయకు మరో ధర ఉన్న పంటకు ఒకే కనీస ధర ఎలా పెడతారు? జవాబు పత్తి పేరాలోనే ఉంది. పత్తికీ ఒకే ధర లేదు, పింజ పొడవును బట్టి వేరువేరుగా ప్రకటిస్తున్నారు. కాబట్టి రకాల పేరా పత్తి పేరాకు ముందు రాకూడదు. వెంటనే వస్తుందా, చివర వస్తుందా అన్నది రాసేవారి ఇష్టం. ఇక్కడ చివరే నయం, ఎందుకంటే పత్తి, 2025 పేరాలను విడదీస్తే పైన కుదిరిన పోలిక చెడుతుంది. ఈ పేరాకు "ఎందుకంటే" పరీక్ష పనిచేయదు. "రకాలు వేరైనా ధర ప్రకటించవచ్చు" అన్న వాక్యంతో మొదలుపెడితే అది థీసిస్ వైపే నిలుస్తుంది.

అపోహ: కట్ చేసి పేస్ట్ చేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: అసలు తిప్పలు అప్పుడే మొదలవుతాయి. 4, 3, 5, 6 అన్న కొత్త వరసలో ఐదో పేరా "ఈ పురుగు దెబ్బకు" అని మొదలవుతుంటే, పాఠకుడికి ఆ పురుగు పేరు ఇంకా తెలియదు. "పైన చెప్పినట్టు", "అలాగే", "ఈ పథకం" అన్న మాటలన్నీ పాత ఇరుగుపొరుగును చూసి రాసినవే. వాటిని వెతికి ఒక్కొక్కటే సరిచేయాలి. కలవని రెండు పేరాల మధ్య "అంతేకాక" పెట్టడం కంటికి అతుకు, బుద్ధికి కాదు.

సరిచేశాక నాలుగు టాపిక్ సెంటెన్సులను ఒక కాగితం మీద విడిగా రాసి చదవాలి. ఏ రెండింటినైనా తారుమారు చేసినా అర్థం చెడకపోతే, వాటిలో ఒకటి ఇంకా సమాచారమే చెబుతోందని అనుమానించాలి. పరిచయాన్ని కూడా వదిలేయకూడదు. "ముందుగా యార్డు, తర్వాత పురుగు" అని పాత వరసను ప్రకటించిన వాక్యం చాలాసార్లు అక్కడే ఉండిపోతుంది.