బొటనవేలి గోరంత బొమ్మ

థంబ్‌నెయిల్ అంటే బొటనవేలి గోరు. యూట్యూబ్ వీడియోకు ముఖచిత్రంగా పెట్టే బొమ్మకు ఆ పేరు బాగానే అతికింది. తయారుచేసేవారు దాన్ని తెర నిండా పరుచుకుని 1280 పిక్సెళ్ల వెడల్పు, 720 పిక్సెళ్ల ఎత్తున దిద్దుతారు. చూసేవారికి మాత్రం అది ఒక్కోచోట, ఉదాహరణకు కంప్యూటర్‌లో వీడియో పక్కన వచ్చే వరసలో, 160, 170 పిక్సెళ్ల వెడల్పుకు కుంచించుకుపోయి కనిపిస్తుంది. అంటే దాదాపు ఎనిమిదో వంతు. అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది, మొత్తం 64 చుక్కల రంగులు కలిసి ఒక్క చుక్కగా మారతాయి.

ఈ కలగలుపులో ముందుగా చెరిగిపోయేది అంచు. నల్లని జుట్టు వెనక ముదురు గోధుమరంగు తలుపు ఉంటే పెద్ద బొమ్మలో రెండూ విడివిడిగానే తెలుస్తాయి. ఎనిమిదో వంతుకు వచ్చేసరికి తల ఎక్కడ ముగిసిందో, తలుపు ఎక్కడ మొదలైందో తెలియదు. అందుకే మనిషిని ఫొటోలోంచి కత్తిరించి, వెనక వేరే దృశ్యం పెట్టి, చుట్టూ మందపాటి గీత వేసే పద్ధతి ఇంతగా పాతుకుపోయింది. కొందరికి అది జాతర ఫ్లెక్సీలా అనిపించవచ్చు. కానీ గీత అందం కోసం వేసేది కాదు, ఆకారాన్ని నిలబెట్టడానికి వేసేది.

ఒక వంటల వీడియో తీసుకుందాం. వాన పడకముందే ఆవకాయ పెట్టేసుకోవాలన్నది విషయం. చేతిలో ఫొటో ఒకటుంది: పసుపు చీర కట్టుకున్న గృహిణి, రెండు చేతులా పట్టుకున్న జాడీ, వెనక మీగడరంగు వంటింటి గోడ. గోడ స్థానంలో మామిడితోట మీద కమ్ముకొచ్చిన కారుమబ్బులు పెట్టాలి. ఉచితంగా దొరికే జింప్‌లో ఈ పనంతా చేయవచ్చు.

మొదట కత్తిరింపు. మనిషి పొరకు మాస్కు తగిలించి, గోడ భాగాన్ని మాస్కులో నల్లగా పూస్తే గోడ మాయమవుతుంది. తుడిపేయడం కన్నా ఇది మేలు, ఎందుకంటే తప్పు జరిగితే తెల్లరంగు పూసి పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇక్కడ తరచూ ఎదురయ్యే తంటా పాత గోడ ఆనవాలు. చీర అంచునా, జుట్టు చుట్టూ మీగడరంగు పొర సన్నగా మిగిలిపోతుంది. పాత గోడ ముందు కనపడని ఆ పొర మబ్బుల ముందు మాసిన దారంలా బయటపడుతుంది. ఎంపికను `Select > Shrink` తో రెండు పిక్సెళ్లు లోపలికి జరిపి, ఆ తర్వాత మాస్కు చేస్తే చాలావరకు పోతుంది. గాలికి ఎగిరిన వెంట్రుకలను ఒక్కొక్కటిగా కాపాడాలని చూడడం దండగ. చిన్న బొమ్మలో అవి ఎలాగూ కనిపించవు, పైగా తర్వాత వేసే గీతను గతుకులమయం చేస్తాయి.

తర్వాత నేపథ్యం. మబ్బుల ఫొటో ఎంత బాగున్నా ఉన్నది ఉన్నట్టు పెడితే పనికిరాదు. ఆకులు, కొమ్మలు, మబ్బు అంచులు చిన్న సైజులో చుక్కలు చుక్కలుగా మారి ముఖంతో పోటీకి దిగుతాయి. పది పిక్సెళ్ల గాసియన్ బ్లర్ వేసి, `Colors > Curves` లో గీతను కిందికి లాగితే తోట ముదురు మరకగా, ఆకాశం నీలినలుపుగా స్థిరపడతాయి. నాటకీయతకు దిగంతం దగ్గర ఒక్క నారింజ చార చాలు. వెలుగు దిక్కు మాత్రం చూసుకోవాలి. గృహిణి ముఖం మీద వెలుతురు ఎడమవైపు కిటికీ నుంచి పడింది, మబ్బుల ఫొటోలో వెలుగు కుడివైపు ఉంది. అలాగే వదిలేస్తే ఎక్కడో తేడా ఉందని ఎవరికైనా తడుతుంది. నేపథ్యాన్ని అద్దంలోలా తిప్పేస్తే సరి.

ఇక గీత. మాస్కు మీద `Mask to Selection` నొక్కితే మనిషి ఆకారం ఎంపికవుతుంది. `Select > Grow` లో 14 ఇచ్చి, మనిషి పొరకు కిందా నేపథ్యానికి పైనా కొత్త పొర తెరిచి, అందులో తెలుపు నింపాలి. 14 అనే అంకె ఊరికే వచ్చింది కాదు. ఎనిమిదో వంతుకు తగ్గాక అది రెండు చుక్కలకు కాస్త తక్కువ, అంటే స్పష్టమైన గీత. అదే నాలుగు పిక్సెళ్ల గీతయితే అర చుక్కకు పడిపోయి మబ్బులో కలిసి బూడిదరంగు మసకగా మిగులుతుంది. పెద్ద తెర మీద నాజూకుగా కనిపించే గీతే చాలామందిని మోసం చేస్తుంది. మరీ 30 దాటితే మనిషి స్టిక్కరులా తయారవుతుంది, మోచేతికీ నడుముకీ మధ్య ఖాళీ పూడిపోయి చేయి ఒంటికి అతుక్కుంటుంది.

గీత రంగును నిర్ణయించేది రంగు పేరు కాదు, వెలుగులో తేడా. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన కళ్లకు కొట్టినట్టున్నా వెలుగులో సమానమైతే చిన్న సైజులో అంచు నిలవదు. దీనికి జేపీజీ కూడా తోడవుతుంది. ఆ పద్ధతి సాధారణంగా వెలుగు వివరాలను పూర్తిగా ఉంచి, రంగు వివరాలను కుదించి దాస్తుంది. అందుకే నీలం మీద ఎర్ర గీత పాకినట్టు కనిపిస్తుంది. `Colors > Desaturate` తో బొమ్మను తాత్కాలికంగా నలుపు తెలుపు చేసి చూస్తే గుట్టు తెలిసిపోతుంది. ఈ ఉదాహరణలో తెలుపు గీత మబ్బుల మీద బాగా తేలింది, తల వెనక ఒక్కచోట తప్ప. అక్కడ మబ్బు చీలి ఆకాశం తెల్లగా ఉండడంతో గీత మాయమైంది. నేపథ్యాన్ని పక్కకు జరిపి, తల వెనకకు ముదురు మబ్బు తెస్తే గీత తిరిగి కనిపించింది.

నడుము దగ్గర ఆగిన ఫొటో బొమ్మ అడుగుకు ఆనాలి, ఇంకా కొంచెం కిందికి దిగినా మంచిదే. కింద ఖాళీ వదిలి, ఆ కోసిన అంచుకు కూడా గీత వేస్తే సగం మనిషి గాల్లో వేలాడుతున్నట్టుంటుంది.

అక్షరాలకు అదే 14 పిక్సెళ్ల గీత పనికిరాదు. తెలుగు అక్షరాల్లో తేడాలన్నీ చిన్న చిన్న గుర్తుల్లోనే ఉంటాయి. ద, ధ, థలను విడదీసేవి ఒక పొట్ట గీత, ఒక చుక్క. మందపు గీత ఆ సందులను పూడ్చేస్తుంది, ఒత్తులు కింది వరసను తాకుతాయి. ‘వాన పడేలోపే’ అన్న రెండు మాటలకు లావు అక్షరం ఎంచి, గీత 6 పిక్సెళ్లకు తగ్గించి, వరసల మధ్య ఒత్తులకు చోటు వదిలితే చదవగలిగేలా ఉంటుంది.

చివరి పరీక్షకు `View > Zoom` లో 12.5 శాతం పెడితే బొమ్మ 160 పిక్సెళ్ల వెడల్పుకు వస్తుంది. తెల్లని పేజీలోనూ నల్లని పేజీలోనూ దాన్ని ఇతర వీడియోల బొమ్మల మధ్య అతికించి, చేయి చాచినంత దూరం నుంచి చూడాలి. ఇక్కడ ముఖం తెలిసింది, అక్షరాలు అందాయి, జాడీ మాత్రం కనపడలేదు. అది కుడివైపు అడుగు మూలన ఉంది, సరిగ్గా అక్కడే యూట్యూబ్ వీడియో నిడివిని నల్లని చిన్న పెట్టెలో చూపిస్తుంది. గృహిణిని గీతతో సహా 150 పిక్సెళ్లు ఎడమకు జరిపి, అక్షరాలను పైకెత్తాక జాడీ బయటపడింది.